ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్‌లో ముక్కిన వాసన: డోర్ రబ్బరు, డ్రమ్ము శుభ్రం చేయడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

వానాకాలం వచ్చిందంటే చుట్టాల నుంచి, పక్క ఫ్లాట్ల వాళ్ళ నుంచి ఇవే సందేహాలు. "మెషిన్ తలుపు తీస్తే కంపు, ఏం చేయాలి?" అని ఒకరు, "రబ్బరు నల్లబడింది, మార్చాలా?" అని ఇంకొకరు. ప్రతిసారీ మొదటి నుంచీ చెప్పడం కంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. దేని జవాబు దానిలోనే ఉంది.

## వాసన ఎక్కడిదో తేల్చుకోవడం

రోజూ సబ్బుతో ఉతికే మెషిన్‌లో కంపు ఎందుకు వస్తుంది?

ఆ సబ్బే సగం కారణం. ఫ్రంట్ లోడ్ మెషిన్ తక్కువ నీళ్ళతో ఉతుకుతుంది. సబ్బు ఎక్కువైతే అంతా కడుక్కుపోదు. మిగిలిన సబ్బు, కండిషనర్ జిడ్డు, ఒంటి నూనె, బట్టల నూగు కలిసి ఒక జిగట పొరలా పేరుకుంటాయి. ఆ పొరలో బ్యాక్టీరియా, బూజు పెరుగుతాయి. మనం చూసే స్టీలు డ్రమ్ము చుట్టూ ప్లాస్టిక్ తొట్టి ఒకటి ఉంటుంది. ఈ జిగట ఎక్కువగా ఉండేది ఆ రెండింటి మధ్య, డ్రమ్ము వెనక. అందుకే లోపల తళతళలాడుతున్నా వాసన వస్తుంది. ఎప్పుడూ చల్లనీళ్ళతోనే ఉతికి, పని అవగానే తలుపు బిగించేసే ఇళ్ళలో ఈ పొర త్వరగా పెరుగుతుంది.

వాసన రబ్బరులోంచా, డ్రమ్ములోంచా? ఎలా తెలుస్తుంది?

రాత్రంతా తలుపు మూసి ఉంచి పొద్దున ముక్కుతోనే పరీక్ష పెట్టండి. రబ్బరు కింది మడతను వేళ్ళతో విప్పి, తెల్ల గుడ్డతో లోపల ఒకసారి తుడిచి ఆ గుడ్డ వాసన చూడండి. తర్వాత సబ్బు పోసే డ్రాయర్ పూర్తిగా బయటికి లాగి, అది కూర్చునే గూడు పైకప్పు తుడిచి చూడండి. చివరగా కింద మూల ఉండే డ్రైన్ ఫిల్టర్ మూత దగ్గర చూడండి. ఈ మూడు చోట్లా పెద్దగా ఏమీ లేకపోయినా డ్రమ్ములో తల పెడితే కంపు కొడుతుంటే, మురికి డ్రమ్ము వెనక ఉన్నట్టు. చాలా ఇళ్ళలో ఒకటి కాదు, రెండు మూడు చోట్ల కలిసే ఉంటుంది.

టవల్ ఆరాక బానే ఉంటుంది, ముఖం తుడుచుకోగానే వాసన. ఇది మెషిన్ తప్పేనా?

మొదలు మెషిన్‌దే అయి ఉండొచ్చు, కానీ ఇప్పుడు టవల్లోనూ ఉంది. దళసరి నూలు పోగుల్లో బ్యాక్టీరియా బతికే ఉండి, మళ్ళీ తడి తగలగానే పని మొదలుపెడుతుంది. మెషిన్ ఒక్కటే శుభ్రం చేసి ఊరుకుంటే ఆ టవళ్ళు తడిసినప్పుడల్లా అదే కంపు వస్తుంది, మెషిన్ ఇంకా బాగుపడలేదని మీరు అనుకుంటారు. మెషిన్ కడిగిన రోజే టవళ్ళను కూడా 60 డిగ్రీల్లో, ఆక్సిజన్ బ్లీచ్ పౌడర్ కలిపి ఒకసారి ఉతకండి. రంగు టవళ్ళయితే ముందు ఒక మూల పరీక్షించుకోండి.

ముక్కిన వాసన కాదు, డ్రైనేజీ కంపు వస్తోంది. అదీ ఇదేనా?

కాదు. కుళ్ళిన గుడ్డులాంటి వాసనైతే ముందు డ్రైన్ పైపు చూడండి. మెషిన్ పైపును గోడలోని గొట్టంలోకి మరీ లోతుగా దూర్చి, చుట్టూ గాలి ఆడకుండా గుడ్డ కుక్కితే మురుగు నీరు, గ్యాసు వెనక్కి తన్నే అవకాశం ఉంది. ఆ గొట్టానికి నీరు నిలిచే ట్రాప్ లేకపోయినా అంతే. ఇది ప్లంబర్ పని, రబ్బరు ఎంత తోమినా పోదు. కాలిన వాసన వస్తుంటే మాత్రం ప్లగ్ తీసేసి మెకానిక్‌ను పిలవండి.

## మొదలుపెట్టే ముందు

ఏమేం దగ్గర పెట్టుకోవాలి?

రబ్బరు గ్లవ్స్, రెండు మూడు పాత నూలు గుడ్డలు, మెత్తటి టూత్‌బ్రష్, గిన్నెలు తోమే లిక్విడ్, ఫిల్టర్ నీళ్ళు పట్టడానికి అంచున్న పళ్ళెం. వీటితోపాటు ఆక్సిజన్ బ్లీచ్ పౌడర్ కావాలి. మరకలు పోగొట్టేవంటూ అమ్మే పౌడర్ల డబ్బా వెనక "సోడియం పర్‌కార్బొనేట్" అని ఉంటే అదే. మెషిన్ క్లీనర్ పేరుతో దొరికే పొడి ప్యాకెట్ వాడినా పర్వాలేదు. కొనేముందు అది గారను కరిగించేదా, బూజును చంపేదా చదివి చూసుకోండి. ఇక్కడ దొరికేవాటిలో చాలావరకు గార కోసం చేసినవే, వాటితో ముక్కిన వాసన సగమే తగ్గుతుంది.

వెనిగర్, వంటసోడా కలిపి పోస్తే చాలని వీడియోల్లో చూపిస్తున్నారు. నిజమా?

బుసబుసా పొంగడం చూడ్డానికి బాగుంటుంది. ఆ రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకుని చివరికి మిగిలేది దాదాపు ఉప్పునీళ్ళే. వెనిగర్ విడిగా గారను కొంత కరిగిస్తుంది గానీ, పదే పదే వాడితే రబ్బరు దెబ్బతినే అవకాశం ఉంది. వంటసోడా విడిగా వాడితే వాసన కాస్త పీల్చుకుంటుంది, జిగట పొరను ఊడదీయదు.

బాత్రూమ్ యాసిడ్ కొంచెం పోస్తే తొందరగా పోతుంది కదా?

పోతుంది, దాంతోపాటు మెషిన్ కూడా. ఆ యాసిడ్ స్టీలు డ్రమ్మును, దాన్ని వెనక నుంచి పట్టుకుని ఉండే మూడు చేతుల అల్యూమినియం బ్రాకెట్‌ను తినేస్తుంది. ఆ బ్రాకెట్ విరిగితే చాలాసార్లు రిపేరు ఖర్చు చూసి కొత్త మెషిన్ కొనుక్కోవాల్సి వస్తుంది.

క్లోరిన్ బ్లీచ్ వాడొచ్చా?

రబ్బరు మీద నల్ల బూజుకు వాడొచ్చు, పలచన చేసి. మామూలుగా ఇళ్ళకు అమ్మే బ్లీచింగ్ లిక్విడ్ 100 మి.లీ.ను ఒక లీటరు చల్లనీళ్ళలో కలిపితే సరిపోతుంది. వేడినీళ్ళలో కలపకండి. కిటికీ తెరిచి, గ్లవ్స్ వేసుకుని చేయండి. అన్నిటికంటే ముఖ్యం, దాన్ని వెనిగర్, నిమ్మ ఉప్పు, టాయిలెట్ క్లీనర్ లాంటి పులుపున్న దేనితోనూ కలపకూడదు. కలిపితే క్లోరిన్ గ్యాసు పుట్టి ఊపిరాడదు. డ్రమ్ము కడగడానికి బ్లీచ్ పోయమని కొన్ని కంపెనీల మాన్యువల్ చెబుతుంది, కొన్ని వద్దంటాయి. మాన్యువల్ దొరక్కపోతే డ్రమ్ముకు ఆక్సిజన్ బ్లీచే నయం.

## రబ్బరు శుభ్రం చేయడం

రబ్బరు మడతల్లో మురికి ఎలా తీయాలి?

ప్లగ్ తీసేసి, తలుపు బార్లా తెరవండి. రబ్బరు అంచును ఒక చేత్తో మెల్లగా మీవైపు లాగితే లోపల లోతైన మడత కనిపిస్తుంది. గడియారంలో 12 దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరగండి. పైభాగం పొడిగా ఉంటుంది, 4 నుంచి 8 మధ్యలోనే అసలు సంగతంతా ఉంటుంది. తల వెంట్రుకలు, జాకెట్టు హుక్కులు, పిన్నీసులు, రూపాయి బిళ్ళలు, ఒక్కోసారి పిల్లల సాక్సు కూడా. వాటిని ముందు వేళ్ళతో ఏరేయండి. పిన్నీసు కనిపించకుండా ఉంటే గుచ్చుకుంటుంది కాబట్టి గ్లవ్స్ తీయొద్దు.

తర్వాత గిన్నెల లిక్విడ్ కొద్దిగా కలిపిన గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచి, పిండి, మడత లోపలంతా జిగట పోయేదాకా తుడవండి. గుడ్డకు నల్లగానో బూడిద రంగులోనో అంటుతున్నంతసేపూ మార్చి మార్చి తుడుస్తూనే ఉండాలి. జిగట పోకుండా బ్లీచ్ పెడితే అది పైపొర మీదే ఖర్చయిపోతుంది.

ఇప్పుడు బూజు మచ్చల వంతు. లీటరు చల్లనీళ్ళకు 100 మి.లీ. చొప్పున పలచన చేసిన క్లోరిన్ బ్లీచ్‌లో గుడ్డ పీలికలు తడిపి, కారకుండా పిండి, మడతలో మచ్చల మీద పరిచి అరగంట వదిలేయండి. బ్లీచ్‌ను నేరుగా చిమ్మితే కిందికి జారిపోతుంది, మచ్చ మీద నిలవదు. అరగంట తర్వాత పీలికలు తీసి, టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్ది, మంచినీళ్ళ గుడ్డతో రెండుసార్లు తుడిచి, ఖాళీ మెషిన్‌ను ఒక రిన్స్ తిప్పండి. ఆ రిన్స్ మానేస్తే తర్వాత వేసిన రంగు బట్టల మీద తెల్ల మచ్చలు పడతాయి. తలుపు అద్దం లోపలి వంపు, దాని అంచు కూడా తుడవండి, అది రబ్బరుకు ఆనుకునే చోటు.

రబ్బరు కింద చిన్న చిన్న రంధ్రాలున్నాయి. చిల్లులు పడ్డాయా?

లేదు, మడతలో నిలిచిన నీరు లోపలికి జారడానికి కంపెనీ వాళ్ళే పెట్టినవి. చాలా మోడళ్ళలో అడుగున రెండు మూడు ఉంటాయి. నూగుతో అవి మూసుకుంటే ప్రతి ఉతుకు తర్వాతా మడతలో నీళ్ళు నిలిచే ఉంటాయి. ఇయర్‌బడ్‌తో పొడిచి తెరవండి, సూది వద్దు. ఒక చెంచాడు నీళ్ళు పోస్తే జారిపోవాలి.

ఎంత రుద్దినా నల్ల చుక్కలు పోవట్లేదు. ఏం చేయాలి?

వాసన పోయి, తెల్ల గుడ్డకు రంగు అంటకపోతే వదిలేయండి. బూజు కొన్నిసార్లు రబ్బరు లోపలి దాకా మరక వదులుతుంది, అది ఇక పోదు, బట్టలకూ అంటదు. ఇనుప పీచు, చాకు, కిరోసిన్ జోలికి వెళితే మరక సంగతేమో గానీ రబ్బరు పాడవుతుంది.

రబ్బరు ఎప్పుడు మార్చాలి?

చిరిగినా, జిగురుగా సాగుతున్నా, తలుపు కింద నీరు కారుతున్నా మార్చాలి. మచ్చలున్నంత మాత్రాన అక్కర్లేదు. దాన్ని పట్టి ఉంచే తీగ రింగు బిగించడం తంటా, మెకానిక్‌కే వదిలేయండి.

## డ్రమ్ము, దాని వెనక భాగం

డ్రమ్ము వెనక చేయి పెట్టలేం కదా, అక్కడెలా కడగాలి?

వేడితో. ఆక్సిజన్ బ్లీచ్ పౌడర్ 100 గ్రాములు నేరుగా ఖాళీ డ్రమ్ములో వేసి, Cotton ప్రోగ్రాంలో 90 డిగ్రీలు పెట్టి నడపండి. 90 లేకపోతే 60. ఈ పొడి చల్లనీళ్ళలో సరిగా పనిచేయదు, 40 దాటాకే ఊపందుకుంటుంది. బట్టలు, సబ్బు, కండిషనర్ ఏవీ వద్దు. హీటర్ చాలాసేపు నడుస్తుంది కాబట్టి కరెంటు పోయే వేళ కాకుండా చూసుకోండి.

పని సగంలో అద్దంలోంచి చూడండి. నీళ్ళు బూడిద రంగులోకి మారి, నల్లటి పొరలు తేలుతుంటే జిగట ఊడుతున్నట్టే. అలా కనిపిస్తే ఆ నీళ్ళు పోయాక ఇంకోసారి నడపండి. నీళ్ళు తేటగా వచ్చే దాకా బట్టలు వేయకండి, ఆ పొరలన్నీ తెల్ల చొక్కాల మీద కూర్చుంటాయి.

మా మెషిన్‌లో Tub Clean ఉంది. అది నొక్కితే సరిపోదా?

కొన్ని మెషిన్లలో అది Drum Clean అని ఉంటుంది. వాసన ఇప్పుడిప్పుడే మొదలైతే సరిపోతుంది. కానీ అన్ని కంపెనీల్లోనూ అది ఒకేలా ఉండదు. కొన్నింట్లో పొడి వేయాలి, కొన్నింట్లో ఏమీ వేయకూడదు, నీళ్ళ వేడి కూడా వేరు వేరు. నడిచేటప్పుడు తలుపు అద్దాన్ని చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా కూడా లేకపోతే, ముదిరిన వాసనకు Cotton 90 నయం.

మాది బోరు నీళ్ళు, డ్రమ్ము అంచుల్లో తెల్లటి గార కట్టింది. దానికీ వాసనకూ సంబంధం ఉందా?

ఉంది. గార గరుకుగా ఉంటుంది, జిగట దాన్ని పట్టుకుని కదలదు. పైగా ఉప్పు నీళ్ళలో సబ్బు సరిగా నురగ రాదు కాబట్టి మనం ఇంకా ఎక్కువ పోస్తాం. గార తీసే పొడి ప్యాకెట్ దాని మీద రాసినట్టు వాడండి. లేదా కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు 100 గ్రాములు ఖాళీ డ్రమ్ములో వేసి 60 డిగ్రీల్లో నడిపి, తర్వాత ఒక రిన్స్ తిప్పండి. మీ మాన్యువల్ నిమ్మ ఉప్పు వద్దంటే ప్యాకెట్టే వాడండి. ఈ గార తీసేదాన్ని, బూజుకు వాడే ఆక్సిజన్ బ్లీచ్ పొడిని ఒకే రోజు ఒకే నీళ్ళలో వేయకండి. పులుపు ఆ పొడి బలాన్ని విరిచేస్తుంది.

డ్రైన్ ఫిల్టర్, సబ్బు డ్రాయర్ కూడా తీయాలా?

తీయాలి, డ్రమ్ము కడగడానికి ముందే. మెషిన్ ఆపి, లోపలి నీళ్ళు చల్లారాక, కింద మూల ఉన్న చిన్న తలుపు తెరవండి. పక్కనే సన్న గొట్టం ఉంటే దాని మూత తీసి పళ్ళెంలోకి నీళ్ళు వదలండి. లేకపోతే ఫిల్టర్ మూతను కొంచెం కొంచెంగా విప్పుతూ నీళ్ళు పట్టుకోండి, ఒకేసారి విప్పితే గదంతా వరదే. లోపలి చెత్త తీసి, ఫిల్టర్ కడిగి, మూత గట్టిగా బిగించండి. డ్రాయర్‌ను PUSH అని రాసిన చోట నొక్కి పట్టి లాగితే బయటికి వస్తుంది. కండిషనర్ గదిలోని చిన్న మూత కూడా తీసి కడగండి. డ్రాయర్ ఉండే గూడు పైకప్పుకు నల్ల బూజు వేలాడుతుంటే బ్రష్‌తో రుద్దండి. అక్కడి నుంచే ప్రతి ఉతుకులో నీళ్ళు కిందికి పడతాయి.

## అన్నీ చేసినా పోకపోతే

Tub Clean చేశాం, వారానికే మళ్ళీ వాసన. ఏం మిగిలింది?

కూకట్‌పల్లిలో మా పెద్దమ్మ కూతురి ఇంట్లో జరిగింది ఇదే. 7 కిలోల మెషిన్, బోరు నీళ్ళు. పిల్లల యూనిఫాంలు, టవళ్ళు, కొబ్బరి నూనె పట్టిన దిండు గలీబులు అన్నీ 30 నిమిషాల క్విక్ వాష్‌లో చల్లనీళ్ళతోనే. లిక్విడ్ రెండు మూతలు, కండిషనర్ ఒక మూత. "అక్కా, నెలనెలా Tub Clean చేస్తూనే ఉన్నా" అంది.

వెళ్ళి ముందు ఫిల్టర్ విప్పాం. కొన్నప్పటి నుంచీ ఎవరూ తీయలేదు. నల్లటి నీళ్ళు, వెంట్రుకల ఉండ, మూడు పిన్నీసులు. డ్రాయర్ గూడు పైకప్పు అంతా బూజు. రబ్బరు అడుగు రంధ్రాలు నూగుతో మూసుకుపోయి మడతలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. అంటే Tub Clean డ్రమ్మును కడుగుతూనే ఉంది, మిగతా మూడు చోట్ల నుంచి మురికి మళ్ళీ అంటుతూనే ఉంది. అవన్నీ చేత్తో శుభ్రం చేసి, 90 డిగ్రీల్లో పొడి వేసి నడిపితే నల్ల పొరలు ఊడి వచ్చాయి. రెండోసారికి నీళ్ళు తేటపడ్డాయి. గార సంగతి మర్నాడు చూశాం. టవళ్ళు విడిగా 60లో ఉతికింది. రబ్బరు మీద కొన్ని మచ్చలు అలాగే ఉన్నాయి, వాసన మాత్రం పోయింది. ఆ తర్వాత క్విక్ వాష్‌ను బయటికి వేసుకున్న బట్టలకే ఉంచి, గలీబులూ టవళ్ళూ వేడినీళ్ళకు మార్చింది. కండిషనర్ మానేసింది, దాని మీద కాస్త వాదన జరిగింది గానీ.

మెకానిక్ "తొట్టి విప్పి కడగాలి" అంటున్నాడు. ఒప్పుకోవాలా?

ఫిల్టర్, డ్రాయర్, రబ్బరు శుభ్రం చేసి, రెండు మూడు సార్లు వేడి ఉతుకు పెట్టినా వాసన తగ్గకపోతేనే. ముందు మీ మోడల్‌లో తొట్టి విప్పడానికి వీలుందా అడగండి. కొన్నింట్లో రెండు సగాలూ అతికేసి ఉంటాయి. కోసి మళ్ళీ అతికిస్తానంటే వద్దనండి. తిప్పేటప్పుడు గరగరమని చప్పుడు కూడా ఉంటే బేరింగ్ కోసం ఎలాగూ విప్పాలి, అప్పుడే కడిగించుకోవచ్చు.

## మళ్ళీ రాకుండా

సబ్బు ఎంత వేయాలి? పౌడరా, లిక్విడా?

ఫ్రంట్ లోడ్ అని రాసి ఉన్న, తక్కువ నురగ వచ్చేదే వాడండి. చేతి ఉతుకు పౌడర్ వద్దు. ప్యాకెట్ మీద రాసిన కొలతతో మొదలుపెట్టి, చివరి రిన్స్‌లో అద్దం మీద నురగ కనిపిస్తే తర్వాతిసారి తగ్గించుకుంటూ పోండి. మామూలు ఉతుకులకు లిక్విడ్ పర్వాలేదు గానీ లిక్విడ్‌లో బ్లీచ్ ఉండదు. అందుకే టవళ్ళకూ, దుప్పట్లకూ ఆక్సిజన్ బ్లీచ్ ఉన్న పౌడర్‌తో వారానికోసారి 60 డిగ్రీల ఉతుకు పెడితే మెషిన్‌కు కూడా ఒక వేడి స్నానం అయినట్టే.

డ్రమ్ములో కర్పూరం, కలరా ఉండలు పెట్టొచ్చా?

వద్దు. ఆ వాసన కిందే ముక్కిన వాసన ఉంటుంది, బట్టలకు రెండూ పడతాయి.

రోజూ ఏం చేయాలి? అంత ఓపిక లేదు.

ఉతుకు అయిన గంటలోపు బట్టలు తీయండి. రబ్బరు అడుగు మడత ఒక పొడి గుడ్డతో తుడవండి. తలుపు, డ్రాయర్ రెండూ కొద్దిగా తెరిచి వదలండి. నెలకోసారి ఫిల్టర్ చూసి, ఖాళీ మెషిన్ వేడినీళ్ళలో నడపండి. విశాఖ, కాకినాడ వైపు గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి అక్కడి వాళ్ళు తుడవడం అసలు మానకూడదు.

తలుపు తెరిచి ఉంచితే పిల్లలు లోపలికి దూరుతారేమో?

ఆ భయం నిజమే. నడిచే వయసు పిల్లలుంటే వాళ్ళు మేలుకుని ఉన్నప్పుడు తలుపు మూసే ఉంచండి. చైల్డ్ లాక్ చాలా మెషిన్లలో బటన్లనే ఆపుతుంది, తలుపును కాదు, దాన్ని నమ్మకండి. రాత్రి పిల్లలు పడుకున్నాక తలుపు తెరిచి, యుటిలిటీ గది గడియ పెట్టేయండి. పొద్దున వాళ్ళు లేచేముందు డ్రమ్ములో ఒకసారి చూసి మూసేయండి. అలా తెరిచేందుకు వీల్లేని ఇల్లయితే రబ్బరు, అద్దం, డ్రమ్ము పూర్తిగా పొడి గుడ్డతో తుడిచాకే మూయండి.